గోదావరిలో పడని ఎడమ చెవి బడ్

మా ఆవిడ అన్నీ క్షమిస్తుంది, అబద్ధం తప్ప. పెళ్ళైన కొత్తలో ఓ చిన్న అబద్ధం ఆడి దొరికిపోతే మూడు నెలలు నాతో మాట్లాడలేదు. వేళకి అన్నం మాత్రం పెట్టింది. ఇంకోసారి జరిగితే మూడు నెలలతో సరిపెట్టనని కూడా చెప్పింది. ఇదంతా తెలిసే నేను గోదావరి మీద నెపం వేశాను. నా తెలివితేటలు అంత గొప్పవి.

ఆ ఇయర్‌బడ్స్ ఆవిడవి. మెట్టకూరు బడిలో పాఠాలు చెప్పి వచ్చాక, వంట చేసుకుంటూ చర్చి పాటల్లో తను పాడాల్సిన వంతు వాటిలోనే విని నేర్చుకుంటుంది. చిన్న గుండీల్లా ఉండే ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయని ఎడమదాని మీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క కూడా పెట్టుకుంది. ఓ ఆదివారం క్రికెట్ మ్యాచ్, చర్చిలో పాస్టరుగారు వాక్యం చెప్పే సమయం ఒక్కటయ్యాయి. ఆవిడ ముందు వరసలో పాటల బృందంతో ఉంటుంది. నేను మగవాళ్ళ వైపు గోడ పక్కన కూర్చుంటాను. గోడ వైపున్నది ఎడమ చెవి. బడ్స్ పెట్టే ఛార్జింగ్ డబ్బా జేబులో వేసుకుని, ఎడమ బడ్ చెవిలో పెట్టుకుని, ఫోన్లో కామెంటరీ పెట్టుకున్నాను. ఆ రోజు నా ముఖంలో కనిపించిన భక్తికి పక్కనున్న పెద్దాయన నా భుజం తట్టాడు కూడా.

కానుకల సంచి వచ్చింది. జేబులోంచి నోటు తీయడానికి వంగాను. నోటు కన్నా ముందు బడ్ సంచిలో పడింది. సంచిలో వేసే చేతులు చూశాం గానీ, అందరి ముందూ సంచిలోంచి తీసే చెయ్యిని మా సంఘం ఇంతవరకు చూడలేదు. మొదటి చెయ్యి నాది కావడం ఇష్టంలేక సంచిని పక్కకి పంపేశాను. తర్వాత సంఘపెద్దగారిని అడగొచ్చు. కానీ వాక్యం జరుగుతుండగా అది నా చెవిలో ఎందుకుందో కూడా చెప్పాలి కదా.

పాటల ప్రాక్టీసు ఉందని ఆవిడ చర్చిలోనే ఆగిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను, ఏటిగట్టు మీద నడుస్తూ పాటలు వింటుంటే బడ్ జారి గోదావరిలో పడిపోయిందని. అంతటితో ఊరుకోవచ్చు. రేవు మెట్ల పక్కన పడిందన్నాను, వంగి చూశానన్నాను, నీళ్ళు బురదగా ఉన్నాయన్నాను. ఆవిడ చారు వడ్డిస్తూ అంతా విని, "పోనీండి" అంది. నా అబద్ధానికి ఇంత పనితనం ఉందని నాకే తెలియదు.

కొత్తది కొని చేతిలో పెడితే కథ ముగిసిపోతుందనుకున్నాను. ఎడమది ఒక్కటే ఆన్‌లైన్‌లో దొరికింది. ఆ రంగే, ఆ ఆకారమే. డబ్బాలో పెడితే పసుపు దీపం వెలిగింది, కుడిది మాత్రమే మోగింది. యానాంలో నాకు తెలిసిన మొబైల్ షాపాయన దాన్ని వెలుతురులో తిప్పి చూసి, లోపలి వైపు చీమ తలంత అక్షరాల్లో ఉన్న మోడల్ నంబరు చదివాడు. మీది మొదటి తరం, ఇది రెండో తరం, పైకి కవలలే గానీ ఒకదాని భాష ఒకదానికి రాదన్నాడు. అది తిప్పి పంపించేయమని, సరైనది కాకినాడ నుంచి తెప్పిస్తానన్నాడు.

నాలుగు రోజులకి వచ్చింది. ఫోన్లో బ్లూటూత్ జాబితాలోంచి బడ్స్ పాత పేరు తీసేశాడు. రెండు బడ్‌లూ డబ్బాలో పెట్టి, మూత తెరిచే ఉంచి, వెనకున్న బటన్ పదిహేను సెకన్లు నొక్కిపట్టాడు. తెల్ల దీపం మినుకుమినుకుమంది. రెండు చెవుల్లోనూ పాట వచ్చింది. రెండూ ఒకే డబ్బాలో ఉండగా బటన్ నొక్కితేనే ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయట. ఇంటికెళ్ళి ఈ విద్యంతా నేను కనిపెట్టినట్టే ఆవిడకి విడమరిచి చెప్పాను. దీనికి ఎర్రచుక్క పెట్టుకో అన్నాను. బటన్ ఎంతసేపు నొక్కాలని అడిగి తెలుసుకుంది. ఆసక్తి అనుకున్నాను.

తెల్లారేసరికి ఎడమది మూగబోయింది. పనిచేయట్లేదండీ అని ఆవిడ డబ్బా చేతిలో పెట్టింది. షాపుకి పట్టుకెళ్తే మళ్ళీ అదే బటన్, అదే పాట. ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున మళ్ళీ మూగ. మళ్ళీ పట్టుకెళ్తే షాపాయనకీ పట్టుదల వచ్చింది, ఇంకోసారి కలిపాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తది, లోపలి సాఫ్ట్‌వేర్ తేడా ఉంటే కూడా ఇలా మొరాయిస్తాయి, డబ్బాని ఛార్జింగ్‌లో పెట్టి పక్కనే ఫోన్ ఉంచండి, దానంతటదే సర్దుకుంటుందన్నాడు. అలాగే పెట్టాను. పొద్దున్నే మళ్ళీ పని చెయ్యలేదు. ఆఫీసులో సెలవు పెట్టి మరీ అయిదోసారి వెళ్ళాను. ఇంత శ్రద్ధ ప్రమోషన్ పరీక్ష మీద పెట్టుంటే ఈపాటికి సూపరింటెండెంట్‌ని అయ్యుండేవాణ్ణి.

షాపాయన ఈసారి బటన్ నొక్కలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"ఆయ్, పార్టు పాడైతే నా దగ్గరా కలవకూడదండి. ఇక్కడ కలుస్తున్నాయి, మీ ఇంట్లో విడిపోతున్నాయి. ఈ కుడిది ఒక్క ఎడమదాన్నే గుర్తుంచుకుంటాదండి. ఎవరో మీ పాత ఎడమది పెట్టి బటన్ నొక్కేత్తన్నారు. అప్పుడు ఇది కొత్తదాన్ని మర్చిపోద్దండి."

పాతది గోదావరిలో పడిందన్నాను. ఈ అబద్ధం ఆయనకి చెప్పాల్సిన అవసరమేమీ లేదు, అలవాటైపోయింది. ఏట్లో పడ్డది ఇలా పనిచెయ్యదండి, ఇంట్లో అడగండి అన్నాడు. డబ్బా జేబులో వేసుకుని బయటికొచ్చాను. స్కూటర్ తాళం రెండుసార్లు కింద పడేసుకున్నాను.

సాయంత్రం ఆవిడ బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగింది. నేను డబ్బా బల్ల మీద పెట్టాను. ఆవిడ నా ముఖం చూసింది. హ్యాండ్‌బ్యాగు తెరిచి, లోపలి జిప్పులోంచి ఎర్రచుక్క ఉన్న ఎడమ బడ్ తీసి డబ్బా పక్కన పెట్టింది.

కానుకల సంచి దులిపినప్పుడు సంఘపెద్దగారి భార్య చూసి, ఎర్రచుక్క గుర్తుపట్టి, ఆ ఆదివారమే ప్రాక్టీసు దగ్గరికొచ్చి ఇచ్చిందట. అంటే నేను మెట్లూ, బురదనీళ్ళూ వర్ణిస్తున్నప్పుడు అది ఆవిడ బ్యాగులో, నా కంచానికి రెండు అడుగుల దూరంలో ఉంది. ఆ తర్వాత నేను కొత్తదాన్ని కలిపి తెచ్చిన ప్రతిసారీ పాతది పెట్టి బటన్ నొక్కి, కొత్తదాన్ని మళ్ళీ దాని చోట పెట్టేసేది. పదిహేను సెకన్లు. నేను నేర్పినట్టే.

ఎందుకలా చేశావని అడిగే హక్కు నాకు లేదు గానీ అడిగాను.

"ఇది కలవనప్పుడల్లా ఈసారైనా చెప్తారేమోనని చూశానండి. మీరు షాపుకే వెళ్ళారు."

అప్పుడు చెప్పాను. మ్యాచ్, గోడ పక్క చోటు, భుజం తట్టిన పెద్దాయన, నోటు కన్నా ముందు పడిన బడ్, సంచిలో చెయ్యి పెట్టలేక పక్కకి పంపడం, అన్నీ దాచకుండా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్తుంటే నాకే నవ్వొచ్చేలా ఉంది, ఎవరికైనా వస్తుంది.

ఆవిడ చివరిదాకా విని, డబ్బాలోంచి కొత్తదాన్ని కూడా తీసి, రెండు ఎడమ బడ్‌లూ నా వైపు జరిపింది.

"ఇది ఆ ఆదివారం అన్నం దగ్గర చెప్పుంటే ఎంత నవ్వేదాన్నండి" అంది, నవ్వకుండా.