అందరూ యజమానులే

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు.

సిరిసిల్ల నేతపనివాళ్ల మీద మా సంస్థ సర్వే నివేదికను నలుగురు కలిసి రాశారు. దాన్నంతా ఒక తీరుకు తెచ్చే పని నాది. ముందుగా పట్టిక రాసుకున్నాను. సర్వేలో చూసిందంతా భూతకాలంలోనే ఉండాలి. ‘సిర్సిల్ల’ అని ఉన్నచోటల్లా ‘సిరిసిల్ల’ కావాలి. ‘ఓనర్’, ‘సేటు’, ‘ఆసామి’ మూడూ ఒకటేననుకొని ‘యజమాని’ అని రాసుకున్నాను. ఒక్కో చోటా చదివి మార్చవలసింది, ఒక్క నొక్కుతో అన్నీ మార్చేశాను.

యజమాని దగ్గర నూలు తెచ్చి, అద్దె సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసి ఇచ్చేవాణ్ని అక్కడ ఆసామి అంటారని కోరుట్లలో పెరిగిన నాకు అప్పటికి తెలియదు. ఆ నివేదికను చూసే నేతపనివాళ్లకు సర్కారు సాయం పంచారు. యజమానులకు లేదన్నారు.

ఇప్పుడు సాంచల చప్పుడు ఎక్కడ విన్నా, తనకు సాయం రాలేదని మా ఆఫీసుకొచ్చి గడపలో నిలబడ్డ ముసలి ఆసామే కనిపిస్తాడు. ఆ మాట మార్చింది నేనేనని ఆయనకు తెలియదు. ఆయన వెళ్తూ వెళ్తూ నవ్వాడు.

“నన్ను యజమానిని చేసినోళ్లు కనవడితే జెర అడుగు బిడ్డా, నా సాంచలు యాడున్నయో.”