ఉప్పు కాలువ గట్టున బావికి ఆడిట్

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా బ్లాకు ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే ఆడిట్ వాళ్ళు వస్తున్నారని తెలియగానే మా బి.డి.ఓ. గారు నన్ను పిలిచి, "అమ్మా, మీరు కూడా పాలేనికి వెళ్ళండి. కాస్త నోరు మాత్రం అదుపులో పెట్టుకోండి" అన్నారు. అరవైల మొదటి రోజులవి. నేను ముఖ్యసేవికను. నెల్లూరికి తూర్పున, సముద్రం ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్ళతో మాట్లాడడం నా ఉద్యోగం. మగ అధికారులు పోతే ఆ ఆడవాళ్ళు తడిక చాటున నిలబడి ఊఁ కొడతారు. నేను పోతే చేపలు కోసుకుంటూనే నాలుగు తిట్లు కలిపి నిజం చెపుతారు. నన్ను పంపింది అందుకే.

అంతవరకు మేం చూసిన ఆడిటర్లు ఆఫీసు గడప దాటేవాళ్ళు కాదు. వోచర్లు తిరగేసి, కాఫీ తాగి, ఏ రసీదుకు స్టాంపు అంటించలేదో రాసుకుని పోయేవాళ్ళు. ఈసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఈయన దిగీ దిగగానే పాలెం ఎంత దూరమని అడిగారు. గోదావరి జిల్లా మనిషి, బక్కపలచన, చేతిలో గొడుగు. ఎవరినైనా ప్రశ్న అడిగేముందు "అడగవచ్చునా అండీ" అనేవారు. ఈయన నెత్తిన ఎవరైనా టోపీ పెట్టేస్తారని నేను మొదట్లోనే అనుకున్నాను.

"ఇది లెక్కల తనిఖీ కాదమ్మా" అన్నారు జీపులో. "డబ్బు సరిగ్గా ఖర్చయిందా లేదా వేరేవాళ్ళు చూశారు. ఆ ఖర్చు వల్ల జనానికి మేలు జరిగిందా లేదా అన్నది నేను చూడాలి."

చూడవలసింది తాగునీటి బావుల పథకం. మైపాడుకు దక్షిణంగా ఉన్న ఆ పాలెంలో, బకింగ్‌హామ్ కాలువ గట్టున, సిమెంటు చప్టా వేసిన చక్కటి బావి ఉంది. ఆ కాలువను అక్కడ ఉప్పు కాలువ అంటారు. ఎండలు ముదిరితే బావి నీళ్ళు కూడా కాలువ నీళ్ళే. ఆడవాళ్ళు ఇసుక దిబ్బ అవతల చెలమ తీసుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి కడవ నింపుకుంటారు. దిబ్బ పక్కన బావి తవ్వించమని పాలెం వాళ్ళు అర్జీ పెట్టుకుంటే, మీకు బావి ఉందిగా అని మా ఆఫీసే జవాబిచ్చింది. ఈ ఆడిటు కూడా బావి బాగుందని రాసిందంటే ఇక ఆ అర్జీ సంగతి అంతే. ఇదంతా దారిలో ఆయనకు చెప్పాను. తలూపారు గాని ఒక్క ముక్క రాసుకోలేదు. నాకు మండింది.

పాలెంలో మొదటి గుడిసె ఒక పెద్దామెది. కొడుకు వేటకు పోయి ఉన్నాడు. కోడలికి మూడో నెల. ఆడిటరు గారు గొడుగు ముడిచి చాలా మర్యాదగా అడిగారు.

"ఈ బావి నీళ్ళు బాగుంటాయా అండీ?"

"బాగుండాయి సామీ" అంది పెద్దామె.

"కాసిని ఇప్పించండి."

ఆమె ఇత్తడి చెంబు ఇసుకతో తోమి తళతళలాడించి నీళ్ళు తెచ్చింది. ఆయన గటగటా తాగారు. "చల్లగా ఉన్నాయి. తియ్యగా కూడా ఉన్నాయి" అని కాగితం మీద రాశారు. నాకూ పోసింది. ఒక్క గుక్కలో తెలిసిపోయింది.

"ఇవి యాడి నీళ్ళు పెద్దమ్మా?"

"చెలమవి. పొద్దున కోడలు తెచ్చింది. ఇంటికొచ్చినోళ్ళకి ఆ బావి నీళ్ళు పోస్తామా? మేమేమన్నా మడుసులం కామా?"

నా నెత్తిన ఎవరో నిప్పులు పోసినట్టయింది. "నీ మర్యాద మీ కొంపే ముంచింది గదే" అని అరిచాను. పెద్దామెకు నా కోపం ఎందుకో అర్థం కాలేదు. కోడలికి మాత్రం అర్థమయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మోసింది తనే కదా, నవ్వే హక్కు ఆ పిల్లకే ఉంది.

ఆడిటరు గారు రాసినదాన్ని కొట్టేయలేదు. దాని కిందనే, ఇచ్చిన నీరు బావిది కాదని తరువాత తెలిసింది అని రాశారు. తరవాత బావి దగ్గరికి పోయి తామే చేద వేసి తోడుకున్నారు. కార్తీకం వానలు అప్పుడే వెలిసిన రోజులు. బావి నిండుగా ఉంది. చప్పరించి, "కొంచెం ఉప్పు తగులుతోంది. తాగవచ్చు" అన్నారు.

"ఇప్పుడు తాగొచ్చు. ఎండల్లో వచ్చి తాగండి" అన్నాను.

"మీరు చెప్పేది నిజమే అయి ఉంటుందమ్మా. కాని మీరు బ్లాకు ఆఫీసు ఉద్యోగి, ఆ పెద్దామెకు కొత్త బావి కావాలి. ఇద్దరిదీ మాటే. ఒట్టి మాట మీద నేను ఏదీ నిలబెట్టలేను."

బి.డి.ఓ. గారి హెచ్చరిక గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. 

ఆ సాయంత్రం ట్రావెలర్స్ బంగళా వరండాలో ఆయన తన ప్రశ్నల కాగితం తీసి నాకు చదివి వినిపించారు. మంజూరయిన బావులెన్ని, పూర్తయినవెన్ని, ఖర్చు అంచనాకు లోబడి ఉందా, నీరు పడిందా. "వీటన్నిటికీ జవాబులు దివ్యంగా వస్తాయి. బావి ఉంది, నీళ్ళున్నాయి, ఖర్చు సరిపోయింది. ఈ ప్రశ్నలు పట్టుకుని పాలెం పాలెం తిరిగినా అసలు కష్టం నా కంట పడదు" అని తనలో తనే నవ్వారు. "మీరయితే ఏం అడుగుతారు?"

"ఆ కోడలు రోహిణీ కార్తెలో ఏ నీళ్ళు మోస్తుందని అడుగుతా."

ఆయన వెంటనే నవ్వు ఆపేశారు. పాత ప్రశ్నల కింద గీత గీసి కొత్తగా రాశారు: ఈ బావి నీరు ఏడాది పొడవునా, వేసవితో సహా, పాలెం వారు తాగుతున్నారా? తాగకపోతే కారణమేమిటి?

"మరి తాగాలని ఎవరన్నారు? ఇంజనీరు గారు బావి తవ్వడమే నా పని అంటే?" అన్నాను. గిల్లి చూద్దామనే అన్నాను.

"కొలబద్ద నేను ఇంటి నుంచి తెచ్చుకోకూడదు. అలా తెస్తే అది నా ఇష్టం అవుతుంది గాని ఆడిట్ అవదు. ప్రభుత్వం తన నోటితో తాను ఒప్పుకున్న మాటే కొలబద్ద." ఆ పథకం ఉత్తర్వు తీసి వేలు పెట్టి చూపించారు. ఏడాది పొడవునా తాగునీరు అందాలి అని ఉంది. తవ్వే ముందు వేసవిలో గుంట తీసి నీరు పరీక్షించాలి అని కూడా ఉంది.

"ఉప్పగా ఉన్నాయో లేదో నాలుక చెప్పదా?"

"నా నాలుక నాది, ఇంజనీరు గారి నాలుక ఆయనది. సీసాల్లో పట్టి ల్యాబుకు పంపాలి. మనుషులు చెప్పింది, మనం కళ్ళతో చూసింది, ల్యాబు చెప్పింది, మూడూ ఒక్కటే అయితే అప్పుడు ఎవరు కాదన్నా నిలుస్తుంది."

అప్పటికి నా కోపం సగం దిగింది. మిగతా సగం ఆయన ఎండల్లో మళ్ళీ వచ్చేదాకా దిగలేదు. హైదరాబాదు పోయినవాళ్ళు ఈ ఇసుకలోకి మళ్ళీ వస్తారా అనుకున్నాను. మధ్యలో ఒకసారి పాలెం పోతే పెద్దామె మాత్రం, "వస్తాడమ్మణ్ణీ. నా చేతి నీళ్ళు తాగినోడు రాకుండా యాడికి పోతాడు?" అంది. ఆ ధీమా చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

వచ్చారు. రోహిణీ కార్తెలోనే వచ్చారు. తెల్లవారకముందే పాలెం చేరి, పొద్దెక్కేదాకా కాసేపు బావి దగ్గర, కాసేపు చెలమ దగ్గర గొడుగు వేసుకుని కూర్చున్నారు. బావికి ఒకరిద్దరు వచ్చి గేదెకు నీళ్ళు పెట్టుకుని పోయారు. చెలమ చుట్టూ ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని, నీరు ఊరేదాకా కాచుకుని, చిప్పతో తోడుకుంటున్నారు. వాళ్ళలో ఆ కోడలు ఉంది. నిండు నెలలు. కడవ చంకనెత్తుకుని, కాలే ఇసుకలో ఒక్కో అడుగు తీసి వేస్తూ దిబ్బ ఎక్కుతోంది. ఆయన రాయడం ఆపి ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయారు.

మా ఇంజనీరు గారు కూడా ఆ రోజు మాతో ఉన్నారు. "ఆడవాళ్ళకు అక్కడ కబుర్లు అలవాటు సార్. అందుకని పోతారు" అన్నారు. నేను నోరు తెరవబోయాను. ఆడిటరు గారు చెయ్యెత్తి ఆపి, ఇంజనీరు గారి మాట కూడా పొల్లు పోకుండా రాసుకున్నారు. బావి కాలువ గట్టున ఎందుకు తవ్వారని అడిగితే, ఇటుక పడవల మీద కాలువలో వచ్చిందనీ, అక్కడైతే దించడం సులువయిందనీ చెప్పారు. పాపం, దాచలేదు. పరీక్ష గుంట తీసింది మాత్రం వానల్లోనేనట.

తరవాత ఆయన పెద్దామె వైపు తిరిగారు. "అమ్మా, ఈసారి బావిలో నీళ్ళే ఇవ్వండి. మీ చేత్తోనే."

"నేను పొయ్యను సామీ. అంత దూరం నుంచి వచ్చిన బిడ్డకి ఉప్పు నీళ్ళు పోస్తే నా చెయ్యి పడిపోదా? మీరే తోడుకోండి."

"మీ ఇంట్లో తాగలేనివి నేను తాగి చూడకపోతే ఇక్కడికి వచ్చి ఏం లాభం?"

ఆమె దిబ్బ వైపు తిరిగింది. దిబ్బ దిగి వస్తున్న కోడలిని చూసింది. కడవ తొణకకుండా ఆ పిల్ల పడుతున్న అవస్థ చూసింది. చెంబు తీసుకుని బావి దగ్గరికి నడిచింది. తోడింది. మొహం పక్కకు తిప్పుకుని చెయ్యి చాచింది. ఆయన తాగుతుంటే ఆమె కళ్ళు ధారలు కట్టాయి. "చాల్లే నాయనా, ఇంక తాగబాక" అంది. ఇంజనీరు గారు కూడా చెంబు అందుకుని ఒక గుక్క తాగి, పక్కకు తిరిగి ఉమ్మేశారు.

సీసాలు ఆ బావి నీళ్ళతోనే కడిగి, నింపి, లక్క వేసి, చీటీల మీద అందరి సంతకాలు పెట్టించారు. ల్యాబు తాగడానికి పనికిరావని చెప్పింది. ఆడిటరు గారు రాసిన నివేదిక ముసాయిదా మొదట జవాబు కోసం మా ఆఫీసుకే వచ్చింది. బి.డి.ఓ. గారు నా వంక చూసి, "నోరు అదుపులో పెట్టుకోమంటే ఇదా తల్లీ" అన్నారు గాని, ఉన్నది ఒప్పుకుంటూనే జవాబు రాసి పంపారు. తీరం వెంట బావులు ఇక వేసవి పరీక్ష తరవాతే అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దిబ్బ పక్కన బావికి మంజూరు వచ్చేసరికి, సర్కారు నడక కదా, ఆ కోడలి కొడుకు ఇసుకలో పరుగులు పెడుతున్నాడు.

కొత్త బావి పూర్తయిన రోజు నేను వెళ్ళాను. కోడలు మొదటి కడవ తోడింది. దేవుడికి పోస్తుందేమో, ఇంటికి మోస్తుందేమో అని చూస్తున్నాను. ఆ పిల్ల కొడుకును పట్టుకుని చప్టా మీద నిలబెట్టి, కడవ మొత్తం వాడి నెత్తిన కుమ్మరించింది. వాడు కేరింతలు కొట్టాడు.

"ఓసి నీ అఘాయిత్యం కూలా, మంచినీళ్ళే అవి" అని పెద్దామె అలవాటుగా కేకేసింది. వేసి, బావిలోకి తొంగి చూసింది. చేద అందుకుని తనే తోడడం మొదలుపెట్టింది.

"ఉండవే, ఇంకో కడవ పోద్దాం" అంది.