చెయ్యి చూసి రాసిన స్వరాలు

“మాస్టారూ, మీకసలు ఈ భాష వచ్చా?”

అడిగింది పంపుల విడిభాగాల గోడౌన్‌లో స్టోర్‌కీపర్. అడిగించుకున్నది చైనా భాష నేర్పే మాస్టారు. అంతకు ముందు ఆయన టైపు నేర్పేవాడు. యంత్రాలు అమ్మేసి, బోర్డు మార్చి, ‘భాషలు మనసులకు వారధులు’ అని రాయించాడు. ఆ వారధికి రెండు నెలల ఫీజు ముందే కట్టాలి.

ఆయన బోధనంతా కుడిచేతిలోనే ఉండేది. చైనా భాషలో ఒకే మాటకి, పలికే స్వరాన్ని బట్టి అర్థం మారిపోతుంది. వర్క్‌షీటులో ఎడమవైపు ఇంగ్లీషు అక్షరాల్లో ‘మ’ అనే మాట నాలుగుసార్లు, స్వరం గుర్తులు లేకుండా. కుడివైపు నాలుగు చైనా అక్షరాలు: అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు. రికార్డింగ్ విని, స్వరం గుర్తు పెట్టి, సరైన అక్షరానికి గీత కలిపి, ఆ అక్షరాన్ని పక్కనే రాయాలి. మాస్టారు జవాబుల కాగితం చూసుకుంటూ చెయ్యి ఊపేవాడు. అడ్డంగా జరిపితే మొదటి స్వరం, పైకెత్తితే రెండోది, దించి లేపితే మూడోది, కిందికి కొడితే నాలుగోది. క్లాసు మొత్తానికీ నూటికి నూరు. చెవులతో ఎవరికీ పని పడలేదు.

స్టోర్‌కీపర్‌కి మాత్రం పని పడబోతోంది. చైనా నుంచి సరుకు పంపేవాళ్లతో ఫోన్‌లో మాట్లాడే సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. వచ్చే వారమే కంపెనీ పరీక్ష. అక్కడ ఇయర్‌ఫోన్లు ఇస్తారు, చెయ్యి ఇవ్వరు.

ఈలోగా మాస్టారు మెట్ల మీద జారి, కుడిచేతికి కట్టుతో వచ్చాడు. రికార్డింగ్ పెట్టి, ఎడమచేత్తో జవాబుల కాగితం పట్టుకున్నాడు. ఒక్క పెన్నూ కదల్లేదు.

“రాయండేం?”

“చూపించండి మాస్టారూ.”

“చూపించడమేంటి, వినండి!”

“మీరు చూపిస్తేనే మాకు వినబడుద్ది,” అన్నాడు ముందు బెంచీ ఎలక్ట్రీషియన్, నిజాయితీగా.

స్టోర్‌కీపర్ లేచి ఆ కాగితం తీసుకుని బల్ల మీద బోర్లించింది. రికార్డింగ్‌ని వెనక్కి జరిపి ఒక మాట వినిపించింది. “ఇది ఏ అక్షరం మాస్టారూ?”

మాస్టారి ఎడమచెయ్యి గాల్లో కాసేపు తచ్చాడి అడ్డంగా జరిగింది. “అమ్మ.”

కాగితం తిప్పి చూసింది. తిట్టు.

మొదట్లో చెప్పిన ఆ ప్రశ్న అప్పుడే అడిగింది.

“జలుబమ్మా, చెవులు దిబ్బడేశాయి. అయినా నేను నేర్పేవాణ్ణి, నేర్చుకునేవాణ్ణి కాదు.”

గురువుని గౌరవించాలని చిన్నప్పటినుంచీ మన బుర్రల్లోకి ఎక్కించిన వాళ్లెవరూ ఆ గదిలో లేకపోవడం వాళ్ల అదృష్టం. గొడవ పెద్దదయ్యాక, ఆవిడ ఫీజు తిరిగిస్తానని మాస్టారు అందరిముందూ ఒప్పుకున్నాడు.

ఆవిడ ఆ వారమంతా గోడౌన్ పెట్టెల మధ్య కళ్లు మూసుకుని వింది. “ఎవర్నే తిడుతున్నావు?” అని, ఇంట్లో ఆ మాటలు పైకి వల్లిస్తుంటే మొగుడు వెక్కిరించాడు. పరీక్షలో అమ్మ, తిట్టు సరిగ్గానే పట్టింది. జనపనారకీ గుర్రానికీ తేడా తెలుసుకోవడానికి ఇంకొంచెం టైము కావాల్సింది. పోస్టు వేరేవాళ్లకి పోయింది.

మాస్టారి కట్టు విప్పారు, కొత్త బ్యాచ్ మొదలైంది. ఆవిడకి రెండు నెలల ఫీజు ఇంకా తిరిగి రావాలి.