నాకు చెప్పని కాన్పులు

ఆ ఏడాది నేను కాన్పుల మీద పరిశోధన చేస్తున్నాను. భద్రాచలం నుంచి అడవిలోకి వెళ్లే బస్సు ఆగిపోయే ఊరి దగ్గర దిగి, ఇంకాస్త నడిస్తే ఒక కోయ గూడెం వచ్చేది. అక్కడి ఆడవాళ్లు కాన్పుకు సర్కారు దవాఖానాకు ఎందుకు వెళ్లరు, వెళ్లినవాళ్లు ఏమనుకుని వెళ్లారు అన్నది నా ప్రశ్న. అంకెలతో పని లేదు. వాళ్ల ఇళ్ల ముందు కూర్చుని అడగడం, చెప్పింది టేపు మీద ఎక్కించుకోవడం, ఆ మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చే అర్థాలను పట్టుకోవడం, అంతే.

అంతకు ముందు వేసవిలో నా భర్త ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో చనిపోయారు. యూనివర్సిటీలో ఆ సంగతి అందరికీ తెలుసు గానీ ఎవరూ ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తేదాన్ని కాదు. గూడెంలో ఎవరికీ తెలియదనుకున్నాను. మాది క్రైస్తవ కుటుంబం. నా నుదుట బొట్టు అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. నన్ను చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరని నా ధీమా.

నాతో ఆశా కార్యకర్త తిరిగేది. గూడేన్ని ఆనుకునే ఉన్న ఊరి మనిషి. కోయ, తెలుగు రెండూ వచ్చు. కొందరు ఆడవాళ్లు తెలుగులోనే మాట్లాడేవారు. ముసలివాళ్లు కోయలో చెబితే ఆమె తెలుగు చేసేది. ఒక మాట ముందు ధ్వనిగా వచ్చేది, కాసేపటికి అర్థంగా వచ్చేది. ఆ రెండింటి నడుమ నేను ఎక్కడో ఉండేదాన్ని. చలికాలం పొద్దుల్లో పొగమంచు ఇళ్ల చూరుల దాకా దిగి ఉండేది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఒకసారి కనిపించి, ఒకసారి పలచబడేది. ఆ రోజుల్లో నాకు ఏదీ పూర్తిగా మెలకువలో జరిగినట్టు ఉండేది కాదు.

ఒక ఇంట్లో ముసలమ్మ, ఆమె కోడలు ఉండేవారు. ఆ కోడలు తన అక్క గురించి చెప్పింది.

"నొప్పులొస్తే మంచం మీద మోసుకపోయినరు మేడం, రోడ్డు దాకా. ఆడ జీపు ఎక్కించినరు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. మళ్ల రాలే."

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏముంటది మేడం. అదే మంచం మీద తెచ్చినరు. మూడేండ్లాయె."

ప్రతి ఇంట్లోనూ ఇలాంటిదే ఒకటి విన్నాను. చెల్లెలు, మేనత్త, తల్లి. తిరుగు బస్సులో కళ్లు మూసుకుంటే వాళ్ల గొంతులన్నీ ఒక వార్డులో వినిపించేవి. అది వాళ్ల దవాఖానా కాదు, ఖమ్మంలోని ఆసుపత్రి అని తెలుస్తూనే ఉండేది. కళ్లు తెరిచేదాన్ని కాదు.

అధ్యాయం త్వరగానే తయారైంది. చావు భయమే వాళ్లను దవాఖానాకు దూరం పెడుతోందని రాశాను. నా థీసిస్ అంతా ఆ అధ్యాయం మీదే ఆనుకుని ఉంది. అది పోతే మళ్లీ మొదటికి వస్తాను, ఫెలోషిప్ గడువు కూడా దగ్గర పడుతోంది. అంతకంటే పెద్ద సంగతి, నా భర్త పోయాక నేను మనసు పెట్టి రాసింది అదొక్కటే. ఆయన పేరు అందులో ఎక్కడా లేదు. అయినా ఆయన కోసం నేను చేసిన పని ఏదైనా ఉందంటే అదేననిపించేది.

మా గైడు చదివారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"బాగా రాశావమ్మా. ఒక్కటి చెప్పు. నువ్వు అడిగింది కాన్పుల గురించి. ఇంతమందిలో ఒక్కరు కూడా బిడ్డ పుట్టిన సంగతి చెప్పలేదేం?"

"వాళ్లు చెప్పిందే రాశాను సార్."

"రాశావు. ఎవరికి చెప్పారో రాయలేదు."

నాకు కోపం వచ్చింది. ఆయన నా జూనియర్ ఒకామెను అవే ప్రశ్నలతో, వీలైనంత వరకు అవే ఇళ్లకు పంపుదామన్నారు. వేంసూరు దగ్గరి రైతుల ఇంటి అమ్మాయి. మాటలో అంతా ఆ పక్క యాస, నోరు మూతపడదు. అప్పటికి కడుపుతో ఉంది, చూస్తే తెలుస్తుంది.

ఇద్దరం కలిసే వెళ్లాం. ఆశా కార్యకర్తను ఆమెతో పంపి నేను వాళ్ల ఇంటి దగ్గర ఆగిపోయాను, నేను పక్కన ఉంటే ప్రయోజనం లేదని. మధ్యాహ్నం ఎండ కాస్తోంది. గోడకు ఆనుకుని కూర్చుంటే నిద్ర, మెలకువ కలిసిపోయాయి. గూడెం వైపు నుంచి నవ్వులు వినిపించాయి. అన్ని నెలలు అక్కడ తిరిగాను. ఆ ఆడవాళ్లు నవ్వడం నేను వినలేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

జూనియర్ సాయంత్రానికి చెమటలు తుడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, నన్ను తిట్టిపోశారు. కడుపుతో ఉన్నదానివి ఈ ఎండలో ఏం తిరుగుడని. ఆ ముసలమ్మయితే, మీ ఊళ్లో కన్నవాళ్లే లేరా, మా దగ్గరికొచ్చి నేర్చుకుంటున్నావా అంది. మీ ఆయన్ని తీసుకురా, ఆయనకే చెప్తానంది."

నాకు వినిపించవచ్చా అని ఆమె ఆ ఇళ్లలో ముందే అడిగి వచ్చింది. టేపు పెట్టింది. బొడ్డు కోసింది ఎవరు, మొదటి స్నానం ఎవరు పోశారు, ఏ బిడ్డ పుట్టీ పుట్టగానే మంత్రసాని మీద ఉచ్చ పోశాడు, అన్నీ ఉన్నాయి. తర్వాత ఆ కోడలి గొంతు వచ్చింది.

"నా చిన్నోడు పోయినేడు దవాఖానాలనే పుట్టిండు. మంచిగనే చూసిన్రు. కాకపోతే మా అత్తను లోపలికి రానియ్యలే. గదొక్కటే నాకు కోపం. ఒక్కదాన్నే పండబెట్టిన్రు. వేడి నీళ్లు కూడ ఇయ్యలే. మా అత్త బయట నిలబడి నర్సమ్మను ఎన్ని మాటలన్నదో!"

వెనుక నుంచి ముసలమ్మ కోయలో ఏదో అంది. అందరూ నవ్వారు. ఆశా కార్యకర్త కూడా నవ్వుతూ ఉంది, తెలుగు చేయడం మరిచిపోయింది.

అదే కోడలు. అదే దవాఖానా. అక్క పోయిన తర్వాత కూడా ఆమె అక్కడికే వెళ్లి కన్నది. నాకు ఆ మాటే చెప్పలేదు.

ఆశా కార్యకర్తను అడిగాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"మీకెట్ల చెప్తరు మేడం? ఏడాది కూడ కాలేదాయె. ఇంట్ల మనిషి పోయినోళ్లు వస్తే ఈడ పుట్టిన ముచ్చట చెప్పరు. పోయినోళ్ల ముచ్చటే చెప్తరు. లేకుంటే మీ ముంగట మేం సంబరపడ్డట్టు ఉంటది."

"నా సంగతి వాళ్లకెట్లా తెలుసు?"

"నేనే చెప్పిన. మీ యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసినోళ్లు నాకు చెప్పినరు. మొదటి రోజే. పాపం, ఒక్కతే తిరుగుతున్నదని." చేట దించి నా ముఖం చూసింది. "చెప్పొద్దుండెనా?"

అన్ని నెలలూ ఆ గూడెం నన్ను పరామర్శించింది. నేను దాన్ని సమాచారమని పేరుపెట్టి తెచ్చుకున్నాను.

ఇంటికి వెళ్లి నా టేపులు మొదటి నుంచి విన్నాను. తప్పంతా వాళ్ల మర్యాదదేనని తేలితే బాగుండుననుకున్నాను. అలా తేలలేదు. ఒకామె తన చిన్నపిల్ల గురించి ఏదో మొదలుపెట్టింది. నేను "ఊఁ" అని ఊరుకున్నాను. ఆమె ఆగిపోయింది. ఆ వెంటనే ఎవరో పోయిన సంగతి వచ్చింది. అక్కడ నా గొంతు రికార్డరుకు దగ్గరగా వినిపించింది, ముందుకు వంగి ఉంటాను. "తర్వాత?" అన్నాను. మళ్లీ "తర్వాత?" అన్నాను. ఎక్కడ తలుపు తెరిచి ఉంచానో వాళ్లు అటే వచ్చారు. వాళ్లు చెప్పినవి అబద్ధాలు కావు. ఆ అక్క నిజంగానే చనిపోయింది.

మా గైడు గదిలో జూనియర్ ఉత్సాహంగా ఉంది. "సార్, నాకు అసలు సంగతి చెప్పారు. భయం లేదు, ఏం లేదు. తోడు మనిషిని లోపలికి రానివ్వరు, అదే గొడవ. అక్క టేపులు పక్కన పెట్టేయొచ్చు."

ఆయన ఆమె కడుపు వైపు చూసి నవ్వారు. "నీకు ఒక్క చావైనా చెప్పారా?"

ఆమె ఆలోచించింది. "లేదు సార్."

"కడుపుతో ఉన్న పిల్లకు ఎవరు చెప్తారమ్మా? ఈమెకు ఓదార్పు ఇచ్చారు, నీకు ధైర్యం ఇచ్చారు. ఈమె కళ్లద్దాలు మసకవీ కావు, నీవి తేటవీ కావు. అద్దాలు లేకుండా చూసేవాళ్లను నేనింకా చూడలేదు."

అప్పుడు నా వైపు తిరిగారు. టేపులు పారేయనక్కర్లేదన్నారు. నా దుఃఖాన్ని లెక్కలో తీసివేసినట్టు తీసేసి మిగిలింది నిజమని చూపడం కుదరదన్నారు. ఎవరు అడిగారు, ఎవరు తెలుగు చేశారు, ఎదుటివాళ్లకు ఆ అడిగే మనిషి ఎలా కనిపించింది, అందువల్ల ఏది పైకి వచ్చి ఏది లోపల ఉండిపోయింది, ఇదంతా టేపుల్లోంచి తీసి చూపిస్తే అధ్యాయం నిలబడుతుంది. ఆశా కార్యకర్త చెప్పిన మాట కూడా, ఆమె ఒప్పుకుంటే, అందులోకి రావాలి. ఇదేదీ చూపించకపోతే నిలబడదు.

"అంటే మా ఆయన సంగతి రాయాలి," అన్నాను.

"ఎంత రాస్తే చదివేవాడికి అర్థమవుతుందో అంత. అంతకు మించి రాస్తే అది గూడెం గురించి కాకుండా పోతుంది."

ఆ వారం రోజులూ నేను రాయలేకపోయాను. పేజీలు రాసి కొట్టేశాను. వాటిల్లో వేసవి వాన ఉంది, వార్డు కిటికీ ఉంది, మా ఆయన చేతులున్నాయి. ఒక్కోటి బాగానే ఉన్నట్టు అనిపించేది, అందుకే అనుమానం వచ్చేది. ఆ కోడలు తన అక్క గురించి చెప్పినప్పుడు వాన గురించి చెప్పలేదు. చెయ్యి పట్టుకుంది, మళ్లీ రాలేదు, అంతే.

కొత్త అధ్యాయంలో రెండు భాగాలు వచ్చాయి. నాతో చెప్పినవి ఒకటి, జూనియర్‌తో చెప్పినవి ఒకటి. ఆ కోడలు రెండింటిలోనూ ఉంది. చావు భయమే దూరం పెడుతోందన్న వాక్యం పోయింది. ఆ భయాన్ని మోస్తూనే వాళ్లు దవాఖానాకు వెళ్తారని, అక్కడ ఒంటరిగా పడుకోబెట్టడం మాత్రం ఓర్చుకోలేరని రాశాను. ఇది కూడా ఇద్దరు మనుషులకు చెప్పిన మాటల నుంచి వచ్చిందే, మూడో మనిషి వెళితే ఇంకొకటి వినవచ్చు అని కూడా రాశాను.

ఒంటరిగా పడుకోబెట్టడం అన్న మాట దగ్గర నా చేయి ఆగింది. ఖమ్మంలో చివరి రెండు రోజులు నన్నూ లోపలికి రానివ్వలేదు. ఇక్కడ కూడా నేనే ముందుకు వంగుతున్నానా అని జూనియర్ టేపు మళ్లీ విన్నాను. కోడలు ఆ మాట నాకు కాదు, ఆమెకే చెప్పింది. ఇంకో రెండిళ్లలోనూ అదే మాట ఉంది. వాక్యాన్ని ఉంచాను. మళ్లీ ఎందుకు విన్నానో దాని కింద రాశాను.

పద్ధతుల గురించిన అధ్యాయంలో, రికార్డరుకు అనుమతి ఎలా తీసుకున్నానో చెప్పిన చోట, ఆ తర్వాతి వాక్యంగా ఇది చేర్చాను: ఈ ఇంటర్వ్యూలు జరిగిన కాలంలో పరిశోధకురాలి భర్త చనిపోయి ఏడాది కాలేదు, ఆ సంగతి గూడెంలో అందరికీ తెలుసు, తెలుసన్న సంగతి పరిశోధకురాలికి తెలియదు.

టైపు చేసిన కాగితం తీసి చూసుకున్నాను. ఆయన చనిపోయారని నేను రాయడం అదే మొదటిసారి. ఒక మాట కూడా మార్చకుండా మా గైడుకు ఇచ్చేశాను.