హద్దు దాటిన చుక్కలు

నారాయణగూడ సందుల్లో ఉన్న ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో నేను నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. చిక్కడపల్లిలో ఇల్లు కాబట్టి నడిచే వెళ్తాను. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల ముందు జనం పెరిగారంటే ఏదో ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందని, ఇక మా ప్రెస్ రాత్రంతా ఆగదని అర్థం. ఆ పిల్లలు చదివే గైడ్లలో చాలా వరకు మా దగ్గర అచ్చయినవే.

అలాంటి ఒక సీజన్‌లో పుస్తకాలు తిరిగి రావడం మొదలైంది. అచ్చు బాగుంది, బైండింగ్ బాగుంది. అంచులే సమానంగా లేవు. ఒకే గైడ్ రెండు కాపీలు పక్కపక్కన పెడితే ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. కొన్నింట్లో పేజీ నంబర్లు కూడా కోతలో పోయాయి. అశోక్ నగర్ షాపుల వాళ్లు కట్టలు కట్టలుగా ఆటోల్లో వెనక్కి పంపారు.

"రాత్రి కోసినయే ఇట్ల వస్తున్నయి. పగలు రాని తప్పు రాత్రి ఎట్ల వస్తది? ఫోన్లు చూసుకుంట కోస్తున్నరు, అంతే," అన్నాడు ఓనర్.

రాత్రి కటింగ్ మిషన్ మీద పనిచేసేది పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన. లోయర్ ట్యాంక్ బండ్ కింద బస్తీలో ఉంటాడు. నాకంటే పెద్దవాడు, నేను అన్న అనే పిలుస్తాను. ఓనర్ ఆయన్ని అందరి ముందూ తిట్టాడు. మర్నాడు పుస్తకాలు కొంచెం మెరుగ్గా వచ్చేసరికి, "చూసినవా, తిడితేనే పని అయితది," అని నాతో అన్నాడు. ఆ తర్వాతి రోజు మళ్లీ పాడయ్యాయి. మళ్లీ తిట్టాడు, ఈసారి జీతంలో కూడా కోత పెట్టాడు.

నన్ను కదిలించింది ఆ తిట్లు కాదు. అన్న పనిలో వచ్చిన మార్పు. ప్రతి దొంతరనూ మళ్లీ మళ్లీ సర్దేవాడు. కోత కొలత చూపే గేజ్ చూసి, బటన్ దాకా చెయ్యి తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తీసి గేజ్ చూసేవాడు. ఒకరోజు నన్నే అడిగాడు: "సార్, నా కండ్లు ఏమన్న ఖరాబైనయా? జర సరోజిని దేవి దవాఖానకు పోయి చూపించుకోవాల్నా?"

తన తప్పేనని ఆయనే నమ్మడం మొదలుపెట్టాడు.

డిప్లొమాలో కంట్రోల్ చార్టుల గురించి చదువుకున్నాను. పరీక్ష అయ్యాక మళ్లీ ముట్టుకోలేదు. పాత పుస్తకం వెతికి తీసి, ఓనర్ దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు గడువు అడిగాను. "నీ ఇష్టం. కానీ పుస్తకాలు ఇంక వాపస్ వస్తే ఆయనను తీసేస్త," అన్నాడు.

పద్ధతి కష్టమైనది కాదు. కోసిన దొంతరలో పై నుంచి కింది దాకా అయిదు పుస్తకాలు తీసి వెడల్పు కొలవాలి. అన్నిటికంటే పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా ఎంతో కాగితం మీద చుక్కగా పెట్టాలి. కొంత సేపటికి మళ్లీ ఇంకో దొంతర, ఇంకో చుక్క. ఏ పనిలోనైనా కొంచెం తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ మామూలు తేడా ఎంత దాకా పోగలదో ఆ పని కొలతల నుంచే లెక్కగట్టి ఒక హద్దు గీయాలి. హద్దు లోపల చుక్కలు పైకీ కిందికీ ఊగుతుంటే ఒక్కో చుక్కకూ కారణం వెతకడం దండగ. హద్దు దాటితే మాత్రం ఏదో మారినట్టు. పగలు బాగుంటుందని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి పగటి కొలతలతోనే హద్దు గీశాను.

గోడకు కాగితం అంటిస్తుంటే అన్న ముఖం చిన్నబోయింది.

"నా మీద సాక్ష్యం రాస్తున్నవా సార్?"

"నీ మీద కాదన్నా, పని మీద."

"పని చేసేది నేనే కదా," అన్నాడు.

కాగితం నాలుగు మూలలూ అదిమి అంటించాను. చుక్కలు ఏం చెబుతాయో నాకు మాత్రం ఏం తెలుసు?

బ్లేడు మొద్దుబారిందేమోనని ముందు అనుకున్నాను. మార్పించాను. తేడా రాలేదు. కానీ కొన్ని షిఫ్టుల చుక్కలు పక్కపక్కన పెట్టేసరికి ఒక ఆకారం కనిపించింది. పని మొదలైనప్పుడు చుక్కలన్నీ హద్దు లోపలే. మిషన్ ఆగకుండా నడిచేకొద్దీ పైకి ఎక్కుతూ, చివరికి హద్దు దాటుతున్నాయి. మధ్యలో కరెంటు పోయి మిషన్ చాలాసేపు ఆగిన రోజున మళ్లీ కిందికి దిగి, మళ్లీ ఎక్కాయి. అన్న సెలవు పెట్టిన రోజు ఇంకొకతను కోశాడు. అప్పుడూ చుక్కలు అలాగే ఎక్కాయి.

మనిషి అలిసిపోయినా ఇలాగే ఎక్కవచ్చు కదా అని నాకే అనుమానం వచ్చింది. ఓనర్ కూడా సరిగ్గా అదే అన్నాడు. "నిద్ర ముంచుకొస్తుంటే గట్లనే అయితది."

"అయితే పగలే చూద్దాం సార్. పగలు చిన్న చిన్న పనులు, మధ్యలో మిషన్ ఆగుతుంటది. ఒక్క రోజు పగలు మిషన్ మీద కోసే మన కట్టర్‌తోనే, ఆగకుండా, గైడ్లే కోయిద్దాం. భోజనానికి ఆయన పోతే ఇంకొకరు నిలబడతరు."

ఓనర్ ఒప్పుకున్నాడు. ప్రెస్‌లో అందరికంటే నమ్మకస్తుడు ఆ పగటి కట్టరే. ఆ రోజు నేను ఇంటికి పోలేదు. ఓనర్ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాడు, కొలతలు తన చేత్తోనే తీశాడు. పొద్దున చుక్కలు బుద్ధిగా ఉన్నాయి. మధ్యాహ్నానికి ఎక్కడం మొదలుపెట్టాయి. భోజనం చేసి వచ్చి, హాయిగా పాన్ నములుతూ నిలబడ్డ ఆ కట్టర్ చేతిలో చుక్క హద్దు దాటింది. దాని తర్వాతిదీ దాటింది.

ఓనర్ కొలిచే వెర్నియర్ స్కేలు తుడిచి మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది. ఆ చుక్క కూడా తనే కాగితం మీద పెట్టాడు. తర్వాత, "మెకానిక్‌ను పిలువు," అన్నాడు.

కోసేటప్పుడు దొంతర కదలకుండా పైనుంచి అదిమి పట్టే క్లాంప్ ఒకటి ఉంటుంది. ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. మెకానిక్ ఒత్తిడి కొలిచే గేజ్ తగిలించి, వేడెక్కిన మిషన్‌ను నడిపించి చూపించాడు. పంపు లోపల అరిగిపోయింది. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు ఒత్తిడి నిలుస్తోంది. వేడెక్కి పలచబడగానే లోపలే వెనక్కి జారిపోతోంది. పట్టు సడలగానే బ్లేడు పై పుస్తకాలను తనవైపు లాగేస్తోంది. అందుకే పైవాటికీ కిందివాటికీ తేడా.

పంపు మార్చారు. ఆ వారం రాత్రంతా నడిచినా చుక్కలు హద్దు దాటలేదు.

ఓనర్ క్షమాపణ అడిగే మనిషి కాదు. కోసిన జీతం మాత్రం మాట్లాడకుండా తిరిగి ఇచ్చాడు. అన్న ఆ డబ్బు జేబులో పెట్టుకుని, "అంటే నా కండ్లు మంచిగనే ఉన్నయి," అన్నాడు. నవ్వలేదు. బటన్ దాకా పోయిన చెయ్యి వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు చాలా రోజుల దాకా పోలేదు. మిషన్ బాగైనంత తొందరగా మనిషి బాగుపడడని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు చుక్కలు ఆయనే పెడతాడు. ఈ మధ్య ఒకసారి మిషన్ చప్పుడు ఆగిపోతే వెళ్లి చూశాను. అన్న చార్ట్ ముందు నిలబడి ఉన్నాడు.

"చుక్క పైకి పోయింది సార్. నేనే ఆపిన."

"మళ్లీ పంపేనా?"

"కాదు. తొందరల దొంతర ఎత్తు ఎక్కువ పెట్టిన. ఈసారి తప్పు నాదే."

ఎంత మామూలుగా అన్నాడో! తల దించలేదు, గొంతు తగ్గించలేదు. దొంతరలోంచి సగం పుస్తకాలు తీసి పక్కన పెట్టి, బటన్ నొక్కాడు.