సుందరి కళ్ల రంగు

కోటప్పకొండ తిరునాళ్లలో కూతురు చెయ్యి వదిలిన క్షణం జ్ఞానమ్మకు చివరిదాకా గుర్తుంది. ఎవరో బొరుగులు అడిగారు. శేరు తియ్యడానికి వంగింది. లేచేసరికి సుందరి లేదు. ఎదురుగా కొండకు మొక్కిన ఎత్తైన ప్రభ బండి కదులుతోంది, జనం దానితోపాటు కదులుతున్నారు. పిలిస్తే పలికే పిల్ల కాదు సుందరి. పుట్టుకతోనే చెవులు వినపడవు, నోట మాట లేదు. పదిహేడేళ్లది. తప్పిపోతే ఊరి పేరు కూడా చెప్పుకోలేదు.

నరసరావుపేటకు ఆనుకుని ఉన్న మాలపల్లెలో జ్ఞానమ్మ కాపురం. మొగుడు పోయాక కలుపుకు పోయేది, మిరపకాయలు కోసేది, తిరునాళ్లకు బొరుగులు అమ్మేది. ఎక్కడికి పోయినా పిల్ల పక్కనే. ఆ తల్లీకూతుళ్లకు వాళ్ల భాష వాళ్లకుంది. ఆకలైతే సుందరి మోచేతిని రెండుసార్లు తట్టేది. చుట్టుపక్కల ఆడవాళ్లు మాత్రం ఆ పిల్ల కళ్ల గురించి చెప్పుకునేవాళ్లు. "నీ బిడ్డవి పిల్లికళ్లే జ్ఞానమ్మా" అనేవాళ్లు. చేలో ఎండకు నిలబడి నవ్వితే ఆ కళ్లు లేత అరిటాకులా మెరిసేవి.

పోలీసు స్టేషన్లో మస్తాన్‌రావు అనే కానిస్టేబులు వివరాలు రాసుకున్నాడు. మంచివాడే. బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చి అడిగాడు.

"కళ్లు ఏ రంగు పెద్దమ్మా?"

"పచ్చగుంటయ్యి సార్. పిల్లికళ్లు."

జ్ఞానమ్మ తెచ్చిన ఫోటో కూడా అదే చెప్పింది. అది బజార్లో స్టూడియో ఉన్న ముర్తుజా తీసింది. తీసింది నలుపు తెలుపుల్లోనే, ఆ తరవాత కుంచెతో రంగులద్దాడు. చీరకు ఎరుపు, పూలకు పసుపు, కళ్లకు పచ్చ. మస్తాన్‌రావు ఫోటో చూసి "ఆకుపచ్చ కళ్లు" అని రాశాడు. ఆ మాటే చుట్టుపక్కల స్టేషన్లకు, ఆస్పత్రులకు, శరణాలయాలకు వెళ్లింది.

కొన్నాళ్లకు గుంటూరు నుంచి జవాబొచ్చింది. అక్కడి ఆడపిల్లల శరణాలయంలో మాటరాని పిల్ల ఒకతి ఉందనీ, కానీ కళ్లు గోధుమరంగువనీ, మీరడిగిన పిల్ల కాదనీ. మస్తాన్‌రావు ఆ మాట చెప్పగానే జ్ఞానమ్మ "అయితే మా పిల్ల కాదులే సార్" అంది. అని, మళ్లీ వెతుకులాటలో పడింది. వినుకొండ బస్టాండులో ఒక మూగపిల్ల అడుక్కుంటోందంటే పోయింది. మాచర్లలో ఎవరో చూశామంటే పోయింది. పోయిన ప్రతిచోటా వేరే ఎవరి బిడ్డో కనపడేది. తిండి సయించేది కాదు. కలుపుకున్న అన్నం ముద్ద అలాగే చేతిలో ఆరిపోయేది.

వానలు పడ్డాక ఒకరోజు ముర్తుజా స్టూడియో ముందు కూలబడింది. "ఇంకో ఫోటో కడుగు తమ్ముడా, మద్రాసుదాకా పంపిద్దాం" అంది. గుంటూరు జవాబు సంగతి అప్పుడు మాటల్లో వచ్చింది. ముర్తుజా చేతిలో పని ఆపాడు.

"కళ్ల రంగు ఒక్కటే చూసి కాదన్నారా అక్కా?"

"మరి? మన పిల్లవి పచ్చ కదా."

"నేను రంగు వేసిందీ పచ్చే. కానీ ఆ ఫోటో నేను దొడ్లో, ముఖాన ఎండ పడేట్టు నిలబెట్టి తీశాను. ఎండలో నాకు ఏం కనపడిందో అదే వేశాను. ఇంట్లో దీపం ముందు మీ సుందరి కళ్లు ఎట్టుండేయి? గుర్తు తెచ్చుకో."

జ్ఞానమ్మ గుర్తు తెచ్చుకుంది. పొయ్యి ముందు కూర్చున్న సుందరి. రొట్టె కాలుస్తున్న సుందరి.

"గోధుమరంగే" అంది మెల్లగా.

మర్నాడే ఇద్దరూ గుంటూరు రైలెక్కారు.

శరణాలయం వార్డెన్ కృపామణి గారు వాళ్లను లోపల కూర్చోబెట్టారు. ఆ మాటరాని పిల్ల సంగతి ముర్తుజాయే అడిగాడు.

"ఆ పిల్ల ఆషాఢంలో పోయిందమ్మా" అన్నారు వార్డెన్. "విషజ్వరం. పేరు తెలియదు. మా వాళ్లు తీసిన ఫోటో ఉంది. చూస్తారా?"

చిన్న ఫోటో. గుండు చేసిన తల, లోపలికి పీక్కుపోయిన బుగ్గలు. కళ్లు రెండు నల్లటి గుంటల్లా ఉన్నాయి. జ్ఞానమ్మ దాన్ని ముట్టుకోకుండానే తల అడ్డంగా ఊపింది.

"మా పిల్ల కాదు. చూడండి, కళ్లు ఎంత నల్లగున్నయ్యో. మా సుందరివి పచ్చ. ఈ పిల్ల మా పిల్ల కాదు తల్లీ."

చెబుతూ ముర్తుజా వైపు చూసింది, ఔనను అన్నట్టు. ముర్తుజా ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి తల వంచుకుని చెప్పాడు.

"అక్కా, దీన్ని బట్టి కాదనలేం. ఔననీ అనలేం. ఇది వసారాలో తీసింది, వెలుతురు పిల్ల వెనక నుంచి పడుతోంది. ముఖం మీద నీడ. నీడలో కంటి మధ్యనుండే కనుపాప పెద్దదవుద్ది, చుట్టూ రంగుండే చోటు సన్నబడిపోద్ది. కళ్లలో కిటికీ మెరుపు కూడా లేదు. దాంతో ఎవరి కళ్లయినా నల్లగానే పడతాయి. పైగా నలుపు తెలుపు ఫోటో. అందులో రంగెక్కడుంటుంది?"

"నువ్వు ఎవరి పక్షం తమ్ముడా?" అంది జ్ఞానమ్మ. "ఈ ఫోటోలో కళ్లు పచ్చవి కావని ఒక్క మాట అను. నీకేం పోద్ది?"

ముర్తుజా అనలేదు. వార్డెన్ వైపు తిరిగాడు.

"నిండు గోధుమరంగు కళ్లు ఎండలో కాస్త తేలికవుతాయి గానీ పచ్చగా మారవండీ. తేనెరంగు కళ్లు అట్ట కాదు. వాటిల్లో గోధుమరంగు పల్చగుంటుంది. ఇంట్లో గోధుమ, ఎండలో పచ్చ. ఫోటో కాదు, ఎండలో ఆ పిల్లను చూసినవాళ్లు చెప్పాలి."

నరసరావుపేటకు ఆ జవాబు రాసింది వార్డెనే. "నేను సాయంకాలం, గదిలో చూసి రాశాను" అని, ఆయా బుల్లెమ్మను పిలిపించారు.

బుల్లెమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆ మూగ పిల్ల కళ్లు ఎండలో చూశావా అని వార్డెన్ అడిగితే ముందు తికమకపడింది. తరవాత గుర్తొచ్చింది.

"మూగ పిల్లా? చూడకేం! బావి దగ్గర ఎండలో తల తుడిచేదాన్ని. కనుపాప చుట్టూతా గోధుమరంగు, అంచుకు పోయేకొద్దీ పచ్చన. నాకు వింతగుండేది. లోపలికొస్తే మామూలు కళ్లే."

జ్ఞానమ్మ గోడ పట్టుకుంది. ఇంకా ఒప్పుకోలేదు. ఒక్కటే అడిగింది.

"ఆకలైతే ఏం చేసేది?"

బుల్లెమ్మ కుడి చేత్తో ఎడమ మోచేతిని రెండుసార్లు తట్టింది.

జ్ఞానమ్మ అరవలేదు. నేల మీద కూర్చుని తన మోచేతిని తానే పట్టుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. ఏడుపు తరవాత వచ్చింది, శ్మశానంలో, పేరు లేని చిన్న మట్టిదిబ్బ ముందు. "నేనేమన్నా పది రోజుల దారిలో ఉన్నానా బిడ్డా, పక్కనే ఉన్నానే" అని ఒకటే మాట.

ఊరికి తిరిగొచ్చాక మస్తాన్‌రావు ఎదురుపడి ఏదో చెప్పబోయాడు. "నువ్వు రాసింది నేను చెప్పిందే సార్" అని జ్ఞానమ్మ పక్కకు తప్పుకుంది. అతన్ని తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

ఆ ఏడాది చివర ఆమె పల్లె విడిచి శరణాలయంలో వంటకు కుదిరింది. తప్పిపోయిన పిల్ల కొత్తగా వచ్చినప్పుడల్లా వార్డెన్ గారు వివరాలు రాయబోతే, చేతులు కడుక్కుని వచ్చి పిల్లను వరండా దాటించి వెలుతురులోకి తీసుకెళ్లేది. "లోపల చూసింది ఒకటి రాయండి, బయట చూసింది ఒకటి రాయండి" అనేది. ఆ పిల్ల అన్నం తిన్నదో లేదో చూసి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.