కవర్ పడినా నిలవని రెడ్

వర్క్‌షాపులో అతన్ని అందరూ టర్నర్ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా ఇనుప కడ్డీల్ని తిప్పి చెక్కే ఒకే లేత్ మీద పనిచేస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా వేలితో తడిమి చెప్పేవాడు. మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్‌లో క్యారమ్స్ బోర్డు దగ్గర కూర్చుంటే ఆ వేలే అతనికి పేరు తెచ్చింది. కొత్తగా చేరినవాళ్లు పాకెట్ వంక చూస్తూ గురిపెడితే విసుక్కునేవాడు.

"పాకెట్ ఎక్కడికీ పారిపోదు. ముందు స్ట్రైకర్ ఎక్కడ పెడుతున్నావో చూడు. రెండు గీతలూ తాకాలి. చివర ఎర్రటి సున్నా దగ్గర పెడితే దాన్ని పూర్తిగా కప్పు, లేదా పూర్తిగా వదిలెయ్. సగం సగం పనికిరాదు."

ఆ ఏడాది చలికాలంలో అతని కుడిచేతి వేళ్లు వణకడం మొదలైంది. మొదట గమనించింది భార్య. టీ గ్లాసు సాసర్ మీద టకటకలాడుతుంటే, "డాక్టర్‌కి చూపించుకుందాం" అంది.

"నిద్ర చాలక" అన్నాడతను.

లేత్ దగ్గర మోచేతిని పక్కటెముకలకు అదిమిపెట్టి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని నెట్టుకొచ్చాడు. తిరిగే ఇనుము ముందు వణికే చెయ్యి ఎంత ప్రమాదమో అతనికి తెలియక కాదు. తెలిసీ నోరు విప్పలేదు. లేత్ దిగితే తానెవరో అతనికే అర్థం కాలేదు.

వర్క్‌షాపు క్యారమ్స్ పోటీల ఫైనల్లో అతనికి ఎదురు కూర్చున్నది స్టోర్ కీపర్. అంపైరు ఫోర్‌మన్. టర్నర్, ఫోర్‌మన్ ఒకే రోజు పనిలో చేరినవాళ్లు. రాకుండా ఉంటే మేలేమో అని ఆ ఉదయం టర్నర్‌కి అనిపించింది. కానీ ఏనాడూ మానని మనిషి మానేస్తే నలుగురూ కారణం అడుగుతారు.

ఆఖరి గేమ్ మొదట్లోనే మెల్లగా తోయాల్సిన కాయిన్‌ని అతని వేలు అదిరి గట్టిగా కొట్టింది. కాయిన్ పక్కకు పోయింది, స్ట్రైకర్ వెళ్లి పాకెట్లో పడింది. వేసిన కాయిన్ ఒకటి బయటికి తీసి మధ్యలో పెట్టాల్సి వచ్చింది. అయినా పోరాడి, ఇరవై అయిదుకు ముగిసే ఆటలో స్కోరు ఇరవై ఒకటి, ఇరవై ఒకటి దాకా లాక్కొచ్చాడు.

ఆ బోర్డులో అతనివి రెండు తెల్లకాయిన్లు, స్టోర్ కీపర్‌వి నాలుగు నల్లవి మిగిలాయి. రెడ్ ఇంకా బోర్డు మీదే ఉంది. రెడ్ వేసిన వెంటనే కవర్‌గా తన కాయిన్ ఒకటి వేయాలి; అది సిద్ధంగా లేనిదే రెడ్ జోలికి పోయే మనిషి కాదతను. అవతలి మూల పాకెట్ పెదవి మీద తెల్లకాయిన్ ఒకటి కూర్చునుంది. అది చూసుకునే రెడ్ వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు బల్ల చరిచారు.

ఇక కవర్. కళ్లు మూసుకుని కొట్టినా పడే కాయిన్. అతను స్ట్రైకర్‌ని గీతల చివరికి జరిపాడు. అది ఎర్రటి సున్నాను సగమే కప్పింది. సరిచేయబోతే వేలు వణికి ఇంకాస్త పక్కకు జరిగి, ఒక గీతను వదిలేసింది. ఇంకోసారి సర్దితే వణుకు అందరి కంటా పడుతుంది. ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు. ఆగి చూశాడు. టర్నర్ తలెత్తకుండా కొట్టేశాడు. కాయిన్ పడింది.

"ఫౌల్" అన్నాడు ఫోర్‌మన్.

పడిన తెల్లకాయిన్ వెనక్కి వచ్చింది. శిక్షగా ఇంకొకటి వచ్చింది. కవర్ చెల్లలేదు గనక రెడ్ మళ్లీ మధ్యలోకి చేరింది. స్టోర్ కీపర్ ఐదు దెబ్బల్లో రెడ్, దాని కవర్, మిగిలిన మూడు నల్లకాయిన్లు ఊడ్చేశాడు. ఆట ముగిసింది.

జనం వెళ్లిపోయాక ఫోర్‌మన్ బల్ల మీద ఉన్న అతని చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. పట్టుకున్నా వణుకు ఆగలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పౌడర్ ఎక్కువైందన్నా, జారింది."

"నాతో కూడానా?"

టర్నర్ చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆగాడు. చివరికి, "నాలుగు నెలలు" అన్నాడు.

"ఫౌల్ చూశాక చెప్పకుండా ఉండలేను. చెయ్యి చూశాక ఊరుకోనూ లేను. రేపు లేత్ ఎక్కకు."

"ఎక్కకపోతే నేనేం చేయాలన్నా?"

ఫోర్‌మన్ కాయిన్లన్నీ డబ్బాలో వేసి, "ముందు డాక్టర్‌కి చూపించుకో" అన్నాడు.

నరాల డాక్టర్ అతని నడక చూసి, గుండ్రంగా గీతలు గీయించి, ఇది తగ్గే జబ్బు కాదనీ మందులతో నెమ్మదిస్తుందనీ చెప్పాడు. అతన్ని పనిముట్లు ఇచ్చే కౌంటర్లో వేశారు. రోజంతా అక్కడ కూర్చుని తన లేత్ మీద వేరొకడు పనిచేసే చప్పుడు వినేవాడు. ఎప్పుడైనా చెక్కే టూల్ మొద్దుబారితే శబ్దాన్ని బట్టి ముందే తెలిసిపోయేది. వెళ్లి చెప్పేవాడు కాదు.

రెండేళ్లు తిరక్కుండానే చొక్కా బొత్తాలు భార్య పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత కౌంటర్ ఉద్యోగమూ మానేశాడు. ఉద్యోగం వదిలే కాయితాల మీద సంతకం కుదరక ఫోర్‌మన్ ఇంక్ ప్యాడ్ తెచ్చి, అతని బొటనవేలు పట్టుకుని తనే అద్దించాడు.